సాగదీత మేడమ్, అట్టముక్క టీచరు

తాళాల దుకాణం మీద మొదటి అంతస్తులో ఇంగ్లీషు క్లాసులు చెప్పే ఆవిడను ఆ వీధిలో అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆవిడ సాగదీత మేడమే. ఆ పేరు ఎవరో శిష్యుడు పెట్టాడు. విన్న కొత్తలో ఆవిడకు ఒళ్ళు మండింది, తర్వాత అలవాటైంది, ఇంకొన్నాళ్ళకు ఆ పేరు లేకపోతే తోచని స్థితికి వచ్చింది. ఇప్పుడు కొత్తవాళ్ళకు తనే చెబుతుంది, "నన్ను సాగదీత మేడమ్ అంటారు, మీరూ అనుకోండి, కానీ వెనకాల అనుకోండి" అని.

ఆవిడ చేతిలో ఎప్పుడూ జానెడు ఎలాస్టిక్ ముక్క ఉంటుంది. లంగాల్లో, పిల్లల నిక్కర్లలో వేసే మామూలు ఎలాస్టిక్కే. "షిప్" అన్నప్పుడు దాన్ని వదులుగా పట్టుకుంటుంది. "షీప్" అన్నప్పుడు రెండు చేతులతో బారుగా లాగుతుంది. షిప్ అంటే ఓడ, షీప్ అంటే గొర్రె. బిట్, బీట్. ఫిల్, ఫీల్. ఫిట్, ఫీట్. ఒక జంట తర్వాత ఒక జంట, వదులు, లాగు, వదులు, లాగు. "మనకు గుడి ఉంది, గుడిదీర్ఘం ఉంది. వాళ్ళకూ అంతే. దీనికి భయమెందుకర్రా?" అంటుంది. మొదటి రోజే క్లాసంతా ముక్తకంఠంతో షిప్, షీప్ అని అరిచేస్తుంది. ఇంగ్లీషంటే వణికిపోతూ మెట్లెక్కిన మనిషి, "ఓస్, ఇంతేనా!" అనుకుంటూ మెట్లు దిగుతాడు. ఆవిడ పేరు మోగిపోయిందంటే అందుకే.

ఆవిడ ఇంగ్లీషు మాత్రం ఎలాస్టిక్‌తో వచ్చింది కాదు. వాళ్ళ నాన్న రేడియోలు బాగుచేసేవాడు. బాగైందో లేదో చూడటానికి ఏదో ఒక పరాయి దేశం స్టేషను పెట్టి వదిలేసేవాడు. పిల్ల అక్కడే బల్ల కింద కూర్చుని, అర్థం కాకపోయినా, వార్తలు చదివేవాళ్ళ మాటను అచ్చు గుద్దినట్టు తిరిగి పలికేది. పెద్దయ్యాక అదే తిండి పెట్టింది. ఆవిడ ఇంగ్లీషు మాట్లాడితే చూడకుండా వింటే ఏ దేశపు మనిషో చెప్పలేరు. ఆ నాలుక ఎప్పుడు ఎటు తిరుగుతుందో మాత్రం ఆవిడకు తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు.

ఆ అంతస్తు ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూటు. మిషన్లు పోయాయి, బల్లలు మిగిలాయి, టైపు మాస్టారు మిగిలాడు. అద్దెలూ ఫీజులూ చూసుకుంటూ గుమ్మం దగ్గర కుర్చీలో ఉంటాడాయన. ఉన్న ఒక్క హాలును ప్లైవుడ్డుతో రెండు గదులు చేశాడు. ఆ ప్లైవుడ్డు కప్పు దాకా వెళ్ళదు, ఈ గదిలో తుమ్మితే ఆ గదిలో చిరంజీవ అంటారు. చాలాకాలం ఆ రెండో గదిలో విరిగిన కుర్చీలు ఉండేవి. ఈ ఏడు వాటిని తీయించి, ఇంకో టీచరును పెట్టాడు.

వచ్చిన టీచరు మేడమ్ కంటే పదేళ్ళు చిన్నది. సన్నగా, నెమ్మదిగా, మాట మీద మాట పడకుండా ఉంటుంది. క్లాసులో మాట పలికేటప్పుడు నోటికి అట్టముక్క అడ్డం పెట్టుకుంటుంది. దాంతో ఆవిడ అట్టముక్క టీచరైంది. గోడకు ఒకవైపు ఓడ బొమ్మ, ఒకవైపు గొర్రె బొమ్మ అంటించింది. అట్ట వెనకనుంచి ఒక మాట అంటుంది, పిల్లలు కాని ఆ పెద్దపిల్లలంతా వేలు పెట్టి ఏదో ఒక బొమ్మ చూపించాలి. లేదంటే మూడు మాటలు అంటుంది, అందులో తేడాగా ఉన్నది ఎన్నోదో వేళ్ళతో చూపించాలి. షిప్ ముందు, షీప్ తర్వాత అనే వరస ఉండదు, పేకముక్కలు కలిపినట్టు కార్డులు కలిపి ఏది వస్తే అది చదువుతుంది. మొదటి వారాల్లో ఎవరినీ ఇంగ్లీషు మాట పైకి పలకనివ్వదు.

ఇది విని మేడమ్ కడుపుబ్బ నవ్వింది. "మాటలు నేర్పమని డబ్బులిస్తే మూగసైగలు నేర్పుతోందే!" అని టైపు మాస్టారుతో అంది. ఆయన కూడా నవ్వాడు. కానీ నెల తిరక్కుండా పక్క గది గుమ్మం ముందు చెప్పుల వరస పొడుగైంది. మేడమ్ గుమ్మం ముందు వరస పొట్టిదైంది. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

మేడమ్‌కు అన్నిటికంటే గుచ్చుకున్నది నర్సమ్మ వెళ్ళిపోవడం. ఆస్పత్రిలో పనిచేసే ఆ పిల్ల ఆవిడకు ముద్దుల శిష్యురాలు. క్లాసులో ముందు బల్ల, పదికి పది. ఒకరోజు వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఏమీ అనుకోకండి మేడమ్. పక్క గదికి మారుతున్నాను."

"ఎందుకమ్మా? నేనేం తక్కువ చేశాను?"

"మీరేం చేయలేదు మేడమ్. మా ఆపరేషన్ గదిలో అందరికీ మొహాలకు ముసుగులే. డాక్టరుగారు ఏమంటున్నారో నోరు చూసి పట్టుకుందామంటే కనబడదు. మీ దగ్గర ఉన్నప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది, అక్కడికెళ్ళాక ఏమీ తెలియదు."

"నీకు భయమే తప్ప ఇంకేం లేదు," అంది మేడమ్. నర్సమ్మ దండం పెట్టి పక్కకు వెళ్ళింది. ఆ సాయంత్రమంతా మేడమ్‌కు పాఠం మీద మనసు లేదు. ప్లైవుడ్డు అవతలనుంచి నర్సమ్మ నవ్వు వినబడినప్పుడల్లా గుండెల్లో ముల్లు కదిలినట్టైంది. తన దగ్గర ఆ పిల్ల అంతగా ఎప్పుడు నవ్వింది?

అప్పటినుంచి ఆవిడ పక్కగదావిడ చీరను చూసి కుళ్ళుకుంది, జడను చూసి కుళ్ళుకుంది, ఆవిడ తాగే మంచినీళ్ళ సీసాను చూసి కూడా కుళ్ళుకుంది. టైపు మాస్టారు ఆ కొత్తావిడను "టీచరుగారూ" అని పిలిస్తే, "ఇన్నేళ్ళుగా నన్ను ‘ఏమమ్మా’ అనే పిలుస్తున్నాడే" అని లెక్క కట్టింది. ఎదురుపడితే మాత్రం నవ్వు పులుముకుని "బాగున్నావా?" అనేది. అట్టముక్క టీచరు ఏ కల్మషమూ లేకుండా, "బాగున్నానక్కా" అనేది. అక్కా అనడం కూడా మేడమ్‌కు ఎద్దేవాలాగే వినబడింది.

ఇది ఇలా ఉండగా ఇంట్లో ఇంకో గొడవ మొదలైంది.

మేడమ్ భర్త రేవులో క్రేను ఆపరేటరు. ఎత్తైన ఇనప స్తంభాల మీద అద్దాల గదిలో కూర్చుని, కాళ్ళ కింద అద్దంలోంచి చూస్తూ, ఓడల్లోంచి ఇంటంత పెట్టెల్ని పైకి లేపి గట్టున పెడతాడు. పెళ్ళికి ముందు కింద గొలుసులు తగిలించేవాడు. ఆ అద్దాల గదిలోకి ఎక్కడానికి సగం జీవితం పట్టింది. ఆ కుర్చీ అంటే ఆయనకు ప్రాణం. "అక్కడ కూర్చుంటే గాలి కూడా నన్నడిగి వీస్తుందే" అని భార్యతో గొప్పలు పోయేవాడు.

ఇప్పుడు రేవువాళ్ళు కొత్త నియమం పెట్టారు. వచ్చేవన్నీ పరాయి దేశాల ఓడలు, చెవిలో హెడ్‌ఫోనుకు వచ్చేది ఇంగ్లీషు. ఎన్ని ఫీటు, ఎటు తిప్పాలి, ఎక్కడ ఆపాలి అన్నది తప్పు వింటే కింద మనుషుల ప్రాణాలు పోతాయి. అందుకని ఆపరేటర్లందరికీ ఇంగ్లీషు వినికిడి పరీక్ష. పాసైనవాడు పైన ఉంటాడు, కానివాడు కిందికి దిగి మళ్ళీ గొలుసులు తగిలించుకోవాలి.

మేడమ్ నవ్వి, "ఇంట్లో నేనుండగా మీకేం భయమండీ?" అంది. అన్నం తినే బల్ల దగ్గర రోజూ కూర్చోబెట్టింది. ఎలాస్టిక్ తీసింది. వదులు, లాగు. ఆయన పదికి పది చెప్పాడు. మర్నాడు మళ్ళీ పదికి పది. ఆవిడ వీధిలో ఎదురైన వాళ్ళందరికీ చెప్పుకుంది.

పరీక్షలో ఆయన తప్పాడు. అందులో సగానికి సగం తప్పులు ఈ జంటల దగ్గరే. "హెడ్‌ఫోను గరగరలాడిందే" అన్నాడు కానీ, కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయాడు. ఇంకొక్క అవకాశం ఉంది, నెల తర్వాత. "ఇవాళ్టి నుంచి రెండింతలు కూర్చుందాం" అంది మేడమ్. ఆయన సరేనన్నాడు. మర్నాటి నుంచి ఓవర్‌టైం అని ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం మేడమ్ తన గదిలో బోర్డు తుడుస్తోంది. ప్లైవుడ్డు అవతల అట్టముక్క టీచరు ఏదో అడిగింది. ఎవరో మగమనిషి, గొంతు తగ్గించి, "గొర్రె... కాదు కాదు, ఓడ" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

డస్టరు మేడమ్ చేతిలోనే ఆగిపోయింది. ఆ నవ్వు ఆవిడకు తెలియనిదా? ఆ నవ్వుతో కాపురం చేసి పిల్లను అత్తారింటికి పంపింది. కొంపదీసి పొరబడ్డానేమో అని ప్లైవుడ్డుకు చెవి ఆనించింది. "క్రేనుగారూ, తప్పు చెప్పారు, మంచిదే. ఇప్పుడు ఎందుకు గొర్రె అనిపించిందో చెప్పండి" అంటోంది అట్టముక్క టీచరు. "సాగింది కదండీ, అందుకని" అన్నాడాయన, సిగ్గుపడుతూ.

మొగుడు ఇంకో ఆడమనిషితో సినిమాకు వెళ్ళాడని తెలిసినా ఆవిడకు అంత మండి ఉండేది కాదేమో. సినిమా ఎవరితోనైనా చూడొచ్చు. పాఠం మాత్రం ఆవిడ సొత్తు. తన బల్ల దగ్గర పదికి పది చెప్పినవాడు అక్కడికెళ్ళి తప్పులు చెప్పి నవ్వుతున్నాడు. అదీ తన కంటపడకుండా వెనక మెట్లెక్కి వచ్చి, దొంగలా. అరికాలి మంట నెత్తికెక్కి, ఆ పూట ఆవిడ తన శిష్యులను కారణం లేకుండా తిట్టింది.

ఇంటికొచ్చాక ఆయన్ను ఏమీ అడగలేదు. అడిగితే ఒప్పుకుంటాడు, ఒప్పుకుంటే గెలిచింది పక్కగదావిడ అవుతుంది. వడ్డిస్తూ మాత్రం, "ఓవర్‌టైం బాగా సాగుతోందా?" అంది.

"ఆఁ, సాగుతోంది" అన్నాడాయన, కంచంలోంచి తల ఎత్తకుండా.

"అలిసిపోతున్నారేమో."

"లేదే, హాయిగానే ఉంది."

హాయి! ఆ మాట మింగుడు పడక ఆవిడ వంటగదిలోకి వెళ్ళి గిన్నెల మీద కసి తీర్చుకుంది. మర్నాడు పొద్దున ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటూ పెదాలు పక్కకు లాగి ఒకసారి, వదిలేసి ఒకసారి ఏవో పలుకుతున్నాడు. ఆవిడ గుమ్మం పక్కన నిలబడి చూసింది. ఆ మొహంలో పెళ్ళికొడుకు కళ ఉంది. ఆ కళ తన బల్ల దగ్గర ఎన్నడూ చూడలేదని తోచి ఇంకా ఏడుపొచ్చింది.

పరీక్ష రేపనగా, సాయంత్రం అట్టముక్క టీచరు మేడమ్ గదికి వచ్చింది.

"అక్కా, ఒక సాయం చేస్తావా? మా వాళ్ళు నా గొంతుకు అలవాటు పడిపోయారు. బయట రోజుకో గొంతు, మనిషికో తీరు. నీ గొంతుతో ఒక్కసారి చదివి పెట్టు. ఇక్కడే, ప్లైవుడ్డు ఇవతలే కూర్చో, మొహం కనబడకూడదు. ఇవిగో కార్డులు, నేను కలిపేశాను. వరసగా చదువుకుంటూ పో. వాళ్ళు కాగితం మీద గుర్తు పెట్టుకుంటారు. మా క్రేనుగారికి రేపే పరీక్ష, ఆయనకు ఇది బాగా పనికొస్తుంది."

క్రేనుగారు ఎవరో ఆవిడకు తెలియదని మేడమ్‌కు అర్థమైంది. కాదు పొమ్మందామనుకుంది. అంతలో ఒక ఆలోచన వచ్చింది. వచ్చినందుకు సిగ్గేసింది, అయినా పోలేదు. ఆయన వినేది నిడివిని. సాగితే గొర్రె, సాగకపోతే ఓడ. అది నేర్పింది తనే, మొన్న "సాగింది కదండీ" అని ఆయన నోటితోనే విన్నది కూడా. ఆ నిడివిని తారుమారు చేస్తే? షిప్‌ను సాగదీసి, షీప్‌ను తుంచేస్తే? అందరి ముందూ బోర్లా పడతాడు. ఇన్నాళ్ళ అట్టముక్క పాఠం గంగలో కలుస్తుంది. తల వంచుకుని తన బల్ల దగ్గరికే వస్తాడు. మరి రేపు పరీక్ష? రేపటి సంగతి రాత్రికి తను చూసుకుంటుంది. తను సరిచేస్తుంది. తను లేకపోతే ఆయనకు దిక్కెవరు?

"ఇటివ్వు" అని కార్డులు అందుకుంది.

పక్క గదిలో కుర్చీలు సర్దుకున్నాయి. మేడమ్ గొంతు సవరించుకుంది. మొదటి కార్డు షిప్. "షి... ప్" అని, ఇకారాన్ని పట్టుకుని బాగా లాగి, మెల్లగా వదిలింది. రెండోది షీప్. దాన్ని కత్తిరించినట్టు చటుక్కున అంది. అటువైపు ఎవరో "అయ్యో" అన్నారు. బల్ల కిర్రుమంది. మేడమ్ లోలోపల మురిసిపోయింది. ఫిల్ సాగింది, ఫీల్ తెగింది. లివ్ సాగింది, లీవ్ తెగింది. ఇన్నేళ్ళూ ఎలాస్టిక్‌తో నేర్పిందాన్ని అక్షరాలా తిరగేసి చదివింది. చివరి కార్డు కింద పెట్టింది. చేజారిపోతున్న క్రేనూ, అద్దాల గదీ, గొలుసులూ ఒక్కసారి కళ్ళముందు ఆడాయి. అప్పటికే చదవడం అయిపోయింది.

అవతల అట్టముక్క టీచరు, ముందే రాసి ఉంచుకున్న కార్డుల వరసతో అందరి కాగితాలూ సరిచూస్తూ పైకి చదివింది. ఒకరికి సగం తప్పు. ఇంకొకరికి సగం పైనే. నర్సమ్మకు కొన్ని తప్పు. మేడమ్ ఆయన వంతు కోసం చెవులు రిక్కించింది.

"క్రేనుగారూ, మీవి అన్నీ ఒప్పే. ఒక్క తప్పు లేదు."

చప్పట్లు కొట్టారు. మేడమ్ కార్డులను మళ్ళీ తిరగేసి చూసింది. ఇదెలా సాధ్యం? కాసేపటికి అట్టముక్క టీచరు మొహం వెలిగిపోతూ ఇటు పరిగెత్తుకొచ్చి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నువ్వు మామూలు మనిషివి కాదు. నేను అడుగుదామా వద్దా అని జంకిన డ్రిల్లు నువ్వే చేసి పెట్టావు. నిడివి తిరగేశావు, నాలుక మాత్రం ఎక్కడుండాలో అక్కడే ఉంచావు. ఇది నాకు రాదు."

"నాలుకేమిటి?" అంది మేడమ్, మింగలేక కక్కలేక.

"అదే అక్కా. మన ఇకారం, ఈకారం నాలుక ఒకే చోట ఉంచి పలుకుతాం, నిడివే తేడా. వాళ్ళకలా కాదు. షీప్ అన్నప్పుడు నాలుక ముందుకు లేచి బిగుస్తుంది, పెదాలు సాగుతాయి. షిప్‌కు నాలుక కొంచెం దిగి వదులైపోతుంది, ఇకారానికీ ఎకారానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. నిడివిని నమ్ముకుంటే మునిగినట్టే. వెనక ప, ట లాంటివి వస్తే పొడుగుది కూడా కురచగా తెగిపోతుంది. వెనక డ, వ లాంటివి వస్తే పొట్టిది కూడా సాగుతుంది. బీట్‌లో ఈ కంటే బిడ్‌లో ఇ ఒక్కోసారి ఎక్కువసేపు వినబడుతుంది. మొన్నటి దాకా క్రేనుగారు కూడా నిడివే లెక్కపెట్టేవారు. ఇవాళ లెక్కపెట్టలేదు, విన్నారు."

మేడమ్ నోట్లో నాలుక తనంతట తనే కదిలింది. షీప్. షిప్. అవును, లేస్తోంది, దిగుతోంది. రేడియో బల్ల కింద కూర్చున్ననాటి నుంచీ లేస్తూనే ఉంది, దిగుతూనే ఉంది. దాన్ని వదిలేసి ఆవిడ చేతులు చూసి చెప్పడం నేర్పింది. అది తెలిసిన క్షణంలో కూడా ఆవిడకు ముందు కలిగింది పశ్చాత్తాపం కాదు, ఇది నాకెందుకు తోచలేదు, దీనికెందుకు తోచింది అన్న మంట.

"ఏదో, సరదాగా చదివాను" అంది.

కింద తాళాల దుకాణం ముందు ఆయన నిలబడి ఉన్నాడు. ఇవాళ వెనక మెట్లు దిగలేదు. ఇద్దరూ బస్‌స్టాపు దాకా నడిచారు. బస్సు ఎంతకీ రాలేదు.

"నీ గొంతు అని మొదటి మాటకే తెలిసింది" అన్నాడు.

"తెలియకేం."

"కోపమొస్తేనే నువ్వు మాటను అట్లా లాగుతావు. కావాలనే చేశావు కదూ?"

అబద్ధం ఆడదామని నోరు తెరిచింది. రాలేదు. "అవును" అంది.

"నేను తప్పాలనా?"

"మీరు నా దగ్గరికి రావాలని."

"రేపు పరీక్ష పెట్టుకుని?"

"ఆ కాసేపూ పరీక్ష పోయినా ఫరవాలేదనిపించింది. మీరు అక్కడ నవ్వుతుంటే ఓర్చుకోలేకపోయాను. ఏం చేయమంటారు? నా కడుపు మండింది."

ఆయన బస్సు వచ్చే వైపు తొంగి చూశాడు. కేకలేస్తాడనుకుంది. వేయలేదు.

"నీ దగ్గర నేనెప్పుడూ వినలేదే," అన్నాడు. "నీ చేతులు చూశాను. ఎలాస్టిక్ సాగితే గొర్రె అనేవాణ్ణి. పదికి పది వస్తే నీ మొహం అట్లా వెలిగిపోయేది. ఆ వెలుగు పోగొట్టడం ఇష్టం లేక నాకేం తెలియడం లేదని చెప్పలేకపోయాను. అక్కడైతే తప్పు చెప్పినా ఎవరి మొహమూ మాడదు."

"నా మొహం మాడేదా?"

"చూసుకో కావాలంటే, ఇప్పుడు కూడా."

ఆవిడకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. బస్సు వచ్చింది. ఇద్దరూ వేరువేరు సీట్లలో కూర్చున్నారు.

మర్నాడు ఆయన పాసయ్యాడు. అద్దాల గది ఆయనదే. సాయంత్రం తిన్నగా ఇన్‌స్టిట్యూటుకు వచ్చాడు. మేడమ్ తన గదిలో కొత్త బ్యాచికి రెండోరోజు పాఠం మొదలుపెడుతోంది. అడుగుల చప్పుడు తన గుమ్మం దాటి పక్క గుమ్మం దగ్గర ఆగింది. ముందు అక్కడికే! ప్లైవుడ్డు మీదనుంచి అంతా వినబడింది.

"పాసయ్యానండీ టీచరుగారూ. మీ చలవ."

"నాదేముందండీ? నిన్న చదివిన మేడమ్‌కు చెప్పండి ముందు. ఆవిడే మిమ్మల్ని గట్టిపరిచింది."

"ఆవిడ మా ఆవిడేనండీ."

 అట్టముక్క టీచరు పకపకా నవ్వి, "అయితే మీకింకేం లోటండీ!" అంది. మేడమ్‌కు మళ్ళీ ఒళ్ళు మండింది. తనకు దక్కాల్సిన మెప్పు కూడా ఆవిడ చేతిమీదుగానే రావాలా?

ఆయన ఇటు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "లోపలికి రావచ్చా మేడమ్?" అన్నాడు. కొత్తవాళ్ళంతా తిరిగి చూశారు. ఆవిడ చెయ్యి ఎలాస్టిక్ మీదకు వెళ్ళి, ఆగి, దాన్ని సొరుగులోకి తోసేసింది.

"వెళ్ళి వెనక బల్లలో కూర్చోండి" అంది. తర్వాత క్లాసువైపు తిరిగి, "అందరూ కుర్చీలు వెనక్కి తిప్పుకోండి. గోడవైపు చూడండి. నావైపు ఎవరూ చూడకూడదు. నేను ఒక మాటంటాను. ఓడైతే ఒక వేలు, గొర్రైతే రెండు వేళ్ళు" అంది.

అందరూ గొణుక్కుంటూ తిరిగి కూర్చున్నారు. ఆవిడ రేడియోలో విన్నట్టు, మామూలుగా, లాగకుండా చదివింది. ఒక మాట. ఇంకో మాట. ఎవరి వేళ్ళు వాళ్ళకు తోచినట్టు లేచాయి. కొందరు పక్కవాణ్ణి చూసి మార్చుకున్నారు. గుమాస్తా పనికోసం వచ్చిన ఒకాయన ఏ వేలూ ఎత్తకుండా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. వీళ్ళంతా ఎలాస్టిక్ ఉన్నప్పుడు నిన్న గొంతెత్తి అరిచినవాళ్ళే. ఇలా అరిచి, నేర్చుకున్నామనుకుని, తన చేతిమీదుగా మెట్లు దిగి వెళ్ళిన బ్యాచీలన్నీ ఆవిడకు గుర్తొచ్చాయి.  అయినా చదువుతూనే ఉంది. వెనక బల్లలో ఒక్క చెయ్యి మాత్రం ప్రతిసారీ సరిగ్గా లేచింది.

అయిపోయాక అందరూ కుర్చీలు తిప్పుకుని ఆయన చుట్టూ మూగారు.

"మీకు ఒక్కటీ తప్పలేదు సార్! ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

ఆయన నోరు తెరిచాడు, భార్యను చూశాడు, నోరు మూసుకున్నాడు. క్లాసంతా ఎదురు చూస్తోంది. ఆయన ఆవిడ పేరే చెబుతాడు, ఆవిడ కోసం చెబుతాడు, చెబితే ఎవరూ కాదనరు. ఆ సంగతి మేడమ్‌కు తెలుసు. ఆ ఒక్క మాట కోసం నెల రోజులుగా ఆవిడ కాలిపోయింది.

"పక్క గదిలో" అంది ఆవిడే.